పాత్ర వర్ణనను ప్రతి దృశ్యంలో అతికిస్తే ముఖం నిలుస్తుందా?

నీలిమ:
మాటల్లో రాసి ఇస్తే వీడియో తయారుచేసే ఏఐ పరికరంతో, గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన కథను ఆరు దృశ్యాల వీడియోగా చేస్తున్నాను. ఆయన వర్ణనను అక్షరం మార్చకుండా ప్రతి ప్రాంప్ట్‌లోనూ అతికిస్తున్నాను. అయినా మూడో దృశ్యానికి వేరే మనిషి వస్తున్నాడు, కోటు రంగూ మారుతోంది. ఇంకా పొడుగ్గా రాయాలా? అసలు ఈ పద్ధతే దండగా? నేను రాసింది ఇది:

```
దయగల ముఖం ఉన్న అందమైన అరవై ఏళ్ల వృద్ధుడు, అలసిన కళ్లు,
పాతకాలపు దుస్తులు, గీతల చొక్కా, గోధుమరంగు కోటు, నల్ల బూట్లు,
కళ్లద్దాలు లేవు, ఎడమ చెంపపై చిన్న మచ్చ,
సాయంత్రపు బంగారు వెలుగులో చిరునవ్వుతో
```

రాఘవ:
పొడుగ్గానే రాయాలి. ముక్కు, పెదవులు, గడ్డం, చెవులు, ఏదీ వదలకండి. దానికి తోడు సీడ్ సంఖ్యను అన్ని దృశ్యాలకూ ఒకటే పెట్టండి. వర్ణన ఒకటే, సీడ్ ఒకటే అయినప్పుడు మనిషి మారడానికి కారణమే ఉండదు.

వసుధ:
కారణం ఉంది రాఘవ గారూ. సీడ్ నిర్ణయించేది బొమ్మ తయారీ మొదట్లో ఉండే చుక్కల గందరగోళాన్ని మాత్రమే. దాన్ని బొమ్మగా మలిచేది మొత్తం ప్రాంప్ట్. 'బల్ల దగ్గర కూర్చున్నాడు' తీసేసి 'వీధిలో నడుస్తున్నాడు' అని రాయగానే అదే సీడ్ నుంచి వేరే ముఖం రావచ్చు. మనిషి ఎక్కడ నిలబడ్డాడు, వెనక ఏముంది అనే అమరికలో పోలిక కనిపిస్తుందేమో గానీ ముఖానికి భరోసా లేదు. సీడ్ ఉపయోగం వేరే చోట ఉంది. దాన్ని కదపకుండా ఒక్క మాట మార్చి చూస్తే, ఆ మాట బొమ్మలో ఏం చేస్తోందో తెలుస్తుంది.

నీలిమ గారూ, పొడవు పెంచకండి. మీ పేరాలో సగం మాటలు తీసేయాలి. 'దయగల', 'అందమైన', 'పాతకాలపు' అన్న వాటికి లక్షల ముఖాలు, వేల రకాల కోట్లు సరిపోతాయి, ప్రతిసారీ అందులోంచి కొత్తది దొరుకుతుంది. 'కళ్లద్దాలు లేవు' అన్నది మరీ ప్రమాదం. చాలా మోడళ్లు 'లేదు' అన్నదాన్ని సరిగా పట్టుకోలేవు, కళ్లద్దాలు అన్న మాట పడితే కళ్లద్దాలే వచ్చేస్తాయి. 'బంగారు వెలుగు', 'చిరునవ్వు' పాత్రకు చెందినవి కావు, ఆ దృశ్యానికి చెందినవి. రాత్రి గదిలో కూడా అవే అతికిస్తే ఆ వెలుగు కోటు మీద పడి గోధుమరంగు నారింజ అవుతుంది. మీ కోటు మారడానికి ఇదే మొదటి అనుమానితుడు.

ఇక మచ్చ. అంత చిన్న గుర్తు ఒక దృశ్యంలో కుడి చెంపకు దూకుతుంది, మరో దృశ్యంలో ఉండనే ఉండదు. చొక్కా గీతలదీ అదే తంతు, వెడల్పు మారుతుంది, కదిలినప్పుడు మిలమిల లాడుతుంది. దూరం నుంచి కూడా తెలిసే ఆకారాలు, ఒకే రంగు బట్టలు ఎంచుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

```
అరవై ఏళ్ల మనిషి, సన్నని పొడవాటి ముఖం, వెనక్కి దువ్విన
తెల్లజుట్టు, గుబురు నల్ల కనుబొమలు, పొట్టి తెల్లగడ్డం,
మోకాళ్ల దాకా ఒకే ముదురు గోధుమరంగు ఉన్ని కోటు,
ముదురు ఎరుపు మఫ్లరు
```

తెల్లజుట్టుకు నల్ల కనుబొమల వంటి ఒక అరుదైన జోడీ ఉంటే చూసేవాడి కన్ను దాన్నే పట్టుకుంటుంది. ముక్కు కాస్త మారినా అదే మనిషి అనుకుంటాడు. మాటలతో సాధించగలిగేది ఆ మేరకే.

కిరణ్:
అంత కష్టం ఎందుకు? ఎన్ని మాటలు రాసినా అవి ఒక రకం మనిషినే చెబుతాయి గానీ ఒక మనిషిని చెప్పలేవు. ఒక మంచి బొమ్మ చేసుకుని దాన్నే ఆధారంగా ఇవ్వండి. తర్వాత ప్రతి దృశ్యం చివరి ఫ్రేమును తదుపరి దృశ్యానికి మొదటి ఫ్రేముగా పెడుతూ పోండి. వర్ణన పేరాల కాలం పోయింది.

సుబ్బారావు:
నా అభిప్రాయం వేరు. ఒకే వర్ణన ఆరుసార్లు వస్తే ఎవరికైనా విసుగే. మొదటిసారి కోటు, రెండోసారి కళ్లు, మూడోసారి చేతులు, అలా కొంచెం కొంచెంగా విప్పాలి. నేను కథలు రాసేది అలాగే.

వసుధ:
సుబ్బారావు గారూ, కథకు మీ మాట నిజమే. కానీ ఇక్కడ చదివేది మనిషి కాదు, పాత పేజీ దానికి గుర్తుండదు. విడిగా చేసే ప్రతి దృశ్యమూ దానికి మొదటి పేజీయే.

కిరణ్ గారి మొదటి మాటతో నాకు పేచీ లేదు. ముఖమే ముఖ్యమైన కథకు బొమ్మ కావాలి. చివరి ఫ్రేము గొలుసు మాత్రం వద్దంటాను. వీడియోలో కొంత మసక ఎప్పుడూ ఉంటుంది, ఆ మసక తర్వాతి దృశ్యానికి అసలు ముఖం అయిపోతుంది. ఒక్కో దృశ్యం దాటేకొద్దీ చర్మం మైనంలా నునుపెక్కుతుంది. ప్రతిసారీ అదే మూల బొమ్మకు వెళ్లాలి, ఆ బొమ్మ కూడా సాదా వెలుగులో చేసుకోవాలి.

పైగా, బొమ్మను మొదటి ఫ్రేముగా ఇచ్చినప్పుడు వర్ణనను మళ్లీ అతికిస్తే తగువు వస్తుంది. బొమ్మలో కోటు కాస్త లేతగా ఉండి, మాటల్లో 'ముదురు' అని ఉంటే, దృశ్యం మధ్యలో కోటు రంగు మెల్లగా మారుతుంది. అక్కడ కదలిక, కెమెరా రాస్తే చాలు. బొమ్మలను పాత్ర గుర్తుగా మాత్రమే తీసుకునే పరికరాల్లో అయితే 'ఎర్ర మఫ్లరు పెద్దాయన' అనేంత చిన్న గుర్తు అవసరమవుతుంది.

మాధవి:
నాది వేరే బాధ. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరికి పచ్చ స్వెటరు, మరొకరికి నీలం. ఇద్దరి వర్ణనలూ పక్కపక్కన పెట్టగానే స్వెటర్లు మార్చేసుకుంటున్నారు. ఒక్కోసారి ఇద్దరికీ పచ్చే. వెనక గోడ కూడా పచ్చబడుతోంది!

వసుధ:
రంగు ఏ వస్తువుకు అంటుకోవాలో మోడల్ గట్టిగా పట్టుకోలేదు, దగ్గరలో ఉన్నదానికి పూస్తుంది. ఒక్కొక్కరిదీ పూర్తి వాక్యంగా విడగొట్టి, ఎడమవైపు ఎవరో కుడివైపు ఎవరో చెప్పండి. ఇద్దరి మధ్య వయసు, జుట్టు తేడా పెంచండి. గోడకూ ఒక రంగు రాయండి, రాయకపోతే ఉన్న రంగునే తీసుకుంటుంది. ఇంత చేసినా కలిస్తే, ఒక్కొక్కరినీ విడి షాట్లో తీసి ఎడిటింగ్‌లో కలపడమే.

నీలిమ:
కొత్త పేరాతో చేశాను. కోటు, మఫ్లరు ఆరింటిలోనూ నిలిచాయి. ముఖం నాలుగింటిలో ఒకరే అనిపిస్తోంది. కానీ ఆయన వెనుదిరిగి తలుపు మూసే దృశ్యంలో ఎన్నిసార్లు చేసినా కెమెరా వైపు తిరిగిపోతున్నాడు.

వసుధ:
ఆ దృశ్యంలో కూడా కనుబొమలు, గడ్డం అతికించారు కదా? రాసినవాటిని చూపించాలని మోడల్ ముఖాన్ని తిప్పుతుంది. బూట్లు రాస్తే కెమెరా వెనక్కి జరిగేది కూడా అందుకే. పేరాను రెండు ముక్కలు చేయండి, ముఖం ఒకటి, బట్టలు ఒకటి. వెనక నుంచి తీసే షాట్‌కు తెల్లజుట్టు, కోటు, మఫ్లరు చాలు. ముక్కలు తీసేయవచ్చు, ఉన్న ముక్కలో మాట మాత్రం మార్చకూడదు.

మరొకటి చూడండి. కొన్ని పరికరాలు మన ప్రాంప్ట్‌ను లోపల తిరగరాసి మోడల్‌కు పంపుతాయి. తిరగరాసినది ఫలితం పక్కన కనిపిస్తే చదవండి. 'ఉన్ని కోటు' ఒకసారి 'వెచ్చని జాకెట్టు', మరోసారి 'పొడవాటి ఓవర్‌కోటు' అయి ఉంటే మీ స్థిరమైన పేరా అసలు చేరనేలేదు. ఆపే వీలుంటే ఆపేయండి.

రాఘవ:
సీడ్ విషయం ఒప్పుకుంటాను. కానీ వర్ణన ప్రాంప్ట్ మొదట్లో ఉండాలా, చివర ఉండాలా? నాకు మొదట పెడితే ముఖం బాగుంటుంది, కదలిక చచ్చిపోతుంది.

కిరణ్:
నాకు సరిగ్గా తలకిందులు. కదలిక ముందు రాస్తేనే అన్నీ కుదురుతాయి.

వసుధ:
మోడల్‌ను బట్టి మారుతుంది. నేను షాట్ రకం, పాత్ర, కదలిక ఆ వరుసలో రాస్తాను. ఇదే సరైనదని మాత్రం అనను. పొడవుకు పరిమితి ఉన్న పరికరాల్లో చివరి వాక్యాలు చెప్పకుండానే తెగిపోతాయి, కాబట్టి కోల్పోతే ఫర్వాలేనివే చివర పెట్టండి. తెలుగులో రాసేవారికి ఆ పరిమితి ఇంకా త్వరగా వస్తుంది, మన అక్షరాలను చాలా మోడళ్లు ముక్కలు ముక్కలుగా లెక్కిస్తాయి. అందుకే అసలు ప్రాంప్ట్‌ను నేను ఇంగ్లీషులోనే ఇస్తాను, పైన తెలుగులో రాసింది మన చర్చ కోసం.

మాధవి:
స్వెటర్లు ఇప్పుడు మారడం లేదు. గోడకు బూడిదరంగు రాయగానే అదీ సర్దుకుంది. కాకపోతే అక్క జుట్టు పొట్టిగా చేశాక ఆమె తమ్ముడిలా వస్తోంది.