అప్‌డేట్: ఏజెన్సీ బిల్లులో తేడా ఎక్కడుందో దొరికింది

నా ప్రశ్న: గూగుల్ యాడ్స్ రిపోర్టులో నెల ఖర్చు 4,00,000. ఏజెన్సీ ఇన్‌వాయిస్‌లో మీడియా ఖర్చు 4,72,000. ఎందుకు?

మీరు చెప్పినట్టే గూగుల్ ఏజెన్సీకి ఇచ్చిన అసలు ఇన్‌వాయిస్ అడిగాను. రెండుసార్లు గుర్తు చేస్తేగానీ పంపలేదు లెండి. తేడా 72,000 అచ్చంగా 18% జీఎస్టీ. రిపోర్టులో ఖర్చు పన్ను లేకుండా కనిపిస్తుంది. ఆ ఇన్‌వాయిస్ ఏజెన్సీ జీఎస్టీ నంబరు మీద ఉంది కాబట్టి ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వాళ్లకే వస్తుంది. అయినా దాన్ని ఖర్చులో కలిపి, మొత్తం మీద 10% ఫీజు వేసి, పైన మళ్లీ జీఎస్టీ వేశారు.

సరైన లెక్క: 4,00,000కు ఫీజు 40,000, జీఎస్టీ 79,200 కలిపి 5,19,200. మాకు వేసింది 6,12,656. విచిత్రమేంటంటే, వాళ్ల బిల్లులో పన్నుకు ముందు మొత్తం కూడా 5,19,200 కావడంతో మా అకౌంట్స్‌వాళ్లకు అనుమానం రాలేదు.

ఎక్కువ వేసిన 93,456లో 14,256 జీఎస్టీ మాకు క్రెడిట్‌గా వచ్చేదే. అసలు నష్టం 79,200. క్రెడిట్ నోట్ ఇస్తామన్నారు. అందులో జీఎస్టీ కూడా చూపాలని, మేం తీసుకున్న క్రెడిట్ ఆ మేరకు వెనక్కి వేయాలని మా సీఏ అన్నారు.

చెల్లని క్లిక్కులకు గూగుల్ ఇచ్చిన క్రెడిట్ల లెక్క ఇంకా రాలేదు.