అప్‌డేట్: మీథేన్ లెక్కలో తప్పు దొరికింది

నా ప్రశ్న: "మీథేన్ ఏర్పడే ఎంథాల్పీని హెస్ నియమంతో కడితే +13.2 వస్తోంది. పుస్తకంలో −74.8 ఉంది. ఎక్కడ తప్పాను?"

గుర్తులు చూసుకోమని చాలామంది చెప్పారు. మూడుసార్లు చూశాను, అవి సరిగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా పక్కింటి మాస్టారికి కాగితం చూపించాను. ఆయన గుర్తుల జోలికే పోలేదు. "రెండు జవాబుల తేడా ఎంతమ్మా?" అన్నారు. 88. "అందులో సగం?" 44. ఒక మోల్ నీరు 25 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి పట్టే వేడి అదేనట!

నేను హైడ్రోజన్ దహనానికి నీటి ఆవిరి విలువ −241.8 తీసుకున్నాను. మీథేన్ దహనం విలువ −890.3 మాత్రం ద్రవ నీటిది. రెండు మెట్లలో నీరు ఒకే స్థితిలో లేకపోతే కూడినప్పుడు అది కొట్టుకుపోదు. సరైన మెట్లు ఇవి, అన్నీ కిలోజౌళ్లలో:

```
C(graphite) + O2 → CO2          −393.5
2H2 + O2 → 2H2O(l)              −571.6
CO2 + 2H2O(l) → CH4 + 2O2       +890.3
C(graphite) + 2H2 → CH4          −74.8
```

మూడో మెట్టు దహనాన్ని తిరగేసినది కాబట్టి గుర్తు మారింది. హైడ్రోజన్ రెండు మోల్‌లు కాబట్టి దాని దహనానికి ద్రవ నీటి విలువ −285.8ని రెట్టింపు చేశాను.

నేరుగా కొలవవచ్చు కదా అని కూడా అడిగాను. కార్బన్, హైడ్రోజన్ కలిస్తే మీథేన్ ఒక్కటే రాదు, ఇతర హైడ్రోకార్బన్లూ వస్తాయి. పైగా చర్య చాలా నెమ్మది. దహనాలైతే కెలోరీమీటర్‌లో పూర్తిగా జరుగుతాయి. ఇకపై ప్రతి పదార్థం పక్కన స్థితి రాసిన తరువాతే అంకె వేస్తున్నాను.