క్రాంక్ పుల్లీ తీయడానికి మూడు కాళ్ల పుల్లర్ చాలా, బోల్ట్ పుల్లరే కావాలా?

కొత్తచేయి:
నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ముందు ఆయిల్ సీల్ మార్చాలి. పుల్లీ కదలడం లేదు. మధ్య భాగంలో మరలున్న రంధ్రాలు రెండు ఉన్నాయి. నా మూడు కాళ్ల పుల్లర్‌ని బయటి అంచుకి తగిలించి లాగేయొచ్చా? ఒక బోల్ట్ పుల్లర్ కిట్ కూడా దొరికింది గానీ, దాని బోల్ట్‌లు రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతున్నాయి.

నాలుగోగేర్:
కదలకపోతే ఇంజన్ తిరగకుండా ఆపాలి తమ్ముడూ. టాప్ గేర్‌లో వేసి, ఒకరిని బ్రేక్ మీద కూర్చోబెట్టి, పొడుగు రాడ్‌తో లాగు. ఎంత మొండి క్రాంక్ బోల్ట్ అయినా వచ్చేస్తుంది.

కొత్తచేయి:
బోల్ట్ ఎప్పుడో వచ్చేసిందన్నా. రానిది పుల్లీ.

బేరింగ్‌బాబు:
అంచు పట్టుకుని లాగేయండి. నేను చాలా పుల్లీలు మూడు కాళ్ల పుల్లర్‌తోనే తీశాను, ఒక్కటీ విరగలేదు. ఆ రంధ్రాలతో పని లేదు.

రింగ్‌స్పానర్:
బాబు గారూ, మీరు తీసినవి ఒకే ముక్క ఇనప పుల్లీలు అయ్యుంటాయి. వాటికి మీ పద్ధతి చెల్లుతుంది. కొత్తచేయి గారూ, ముందు టార్చ్ వేసి పుల్లీ ముఖం చూడండి. మధ్య భాగానికీ బయటి రింగుకీ నడుమ నల్లటి రబ్బరు గీత గుండ్రంగా కనిపిస్తే అది డ్యాంపర్ పుల్లీ. బయటి రింగు ఆ రబ్బరు పట్టు మీదే నిలబడి ఉంటుంది. అంచు పట్టుకుని లాగితే షాఫ్ట్ మీద బిగుసుకున్న మధ్య భాగం కదలదు, రబ్బరు సాగుతుంది. పుల్లీ విరగలేదు కదా అని సంతోషించడానికి లేదు. రింగు కొంచెం తిరిగినా దాని మీద ఉన్న టైమింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. కొంచెం ముందుకు జరిగినా బెల్ట్ లైను తప్పుతుంది. ఆ రంధ్రాలు పెట్టిందే మధ్య భాగాన్ని పట్టుకుని లాగడానికి.

రంధ్రాలు లేని పుల్లీలు కొన్ని ఉంటాయి. వాటికి మధ్య భాగం వెనక్కి వెళ్లి పట్టుకునే కాళ్ల పుల్లర్ వాడతారు. అక్కడ కూడా కాళ్లు పట్టేది మధ్య భాగాన్నే, రింగుని కాదు.

కొత్తచేయి:
రబ్బరు ఉంది సార్. మరి బోల్ట్‌లు ఎందుకు ఎక్కడం లేదు? తుప్పేమో అని స్పానర్‌తో బలంగా తిప్పుదామనుకుంటున్నాను.

రింగ్‌స్పానర్:
స్పానర్ పెట్టకండి, మర పోతుంది. మీ కిట్‌లో ఉన్నవి అంగుళాల మరలు అయ్యుండొచ్చు. 5/16 అంగుళం బోల్ట్ 7.94 మిల్లీమీటర్లు, ఎం8 బోల్ట్ 8 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. కానీ ఎం8 ముతక మర ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు నడుస్తుంది, 5/16 ముతక మర 1.41 నడుస్తుంది. అందుకే మొదటి రెండు మూడు చుట్లు సాఫీగా వెళ్లి, తేడా పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం అదే. ఇంజన్ మీదే ఉన్న ఏదైనా ఎం8 బోల్ట్‌ని దాని పక్కన ఆనించి, మరల పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటున్నాయో లేదో వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి.

సరైన బోల్ట్ అయితే వేళ్లతోనే లోపలికి వెళ్లాలి. కనీసం ఏడు చుట్లు ఎక్కాలి, అంటే 8 మిల్లీమీటర్లకు పైగా మర పట్టాలి. రెండు మూడు చుట్ల మీద లాగితే బోల్ట్ బాగానే ఉంటుంది, పుల్లీ మర మాత్రం ఊడి చేతికొస్తుంది. అలాగని పొడుగు బోల్ట్ వేసి చివరిదాకా తిప్పకండి. రంధ్రం ఆరపారా ఉంటే బోల్ట్ కొన వెనక ఉన్న టైమింగ్ కవర్‌ని గుచ్చుతుంది. తిప్పుతుంటే వెనక ఏదో తగిలినట్టు అనిపిస్తే రెండు చుట్లు వెనక్కి తీయండి.

తల మీద 8.8 అని ఉన్న బోల్ట్ వాడండి. ఎం8 సైజులో అలాంటిది ఒక్కొక్కటి దాదాపు రెండు టన్నుల లాగుడు తట్టుకుంటుంది. తల మీద అంకె లేని బోల్ట్ వద్దు.

సీల్_లీక్:
నా కేసు చెప్తాను. పుల్లీ బాగానే వచ్చింది, మళ్లీ బిగించేటప్పుడు క్రాంక్ బోల్ట్ ఎక్కలేదు. వర్క్‌షాప్ వాళ్లు పుల్లర్ మధ్య స్క్రూని నేరుగా క్రాంక్ రంధ్రంలోకి నొక్కారు. దాని కొన సన్నగా ఉండటంతో మొదటి మరలు నలిగిపోయాయి. ట్యాప్ వేసి బాగు చేయించే దాకా ఎంత టెన్షన్ పడ్డానో. స్క్రూ దేన్ని నొక్కుతుందో తప్పకుండా చూసుకోండి.

బేరింగ్‌బాబు:
దానికి ఉపాయం తేలిక. తీసిన క్రాంక్ బోల్ట్‌ని వాషర్ లేకుండా మళ్లీ నాలుగు చుట్లు ఎక్కించి, దాని తల మీద నొక్కండి.

రింగ్‌స్పానర్:
దారి మంచిదే, నాలుగు చుట్లే తక్కువ. నొక్కే బలమంతా ఆ నాలుగు మరల మీదే పడుతుంది. పూర్తిగా ఎక్కించి, తలకీ పుల్లీకీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు ఉండేలా వెనక్కి తీస్తే చాలు. పుల్లీ అంత దూరం జరిగి తలకి ఆనుకుంటుంది. అప్పటికి పట్టు సడలి ఉంటుంది, ఆ తర్వాత బోల్ట్ తీసేయొచ్చు.

పాత_లేత్:
నాకు అదీ నచ్చదు. క్రాంక్ మరల మీద ఏ బరువూ పెట్టకూడదు. మరలకు తగలనంత సన్నటి ఉక్కు కడ్డీని రంధ్రం అడుగుదాకా దించి, బయటికి కొంచెం పొడుచుకొచ్చేలా కోసుకుని, దాని మీద నొక్కాలి. పని అయ్యాక మర కొత్తదానిలా ఉంటుంది.

రింగ్‌స్పానర్:
కడ్డీ దొరికితే అదే శుభ్రమైన పని, ఒప్పుకుంటాను. కానీ పుల్లీ పట్టు మరీ ఎక్కువైతే సన్న కడ్డీ లోపలే వంగి ఇరుక్కుంటుంది. అందుకే నేను బోల్ట్ వైపే ఉంటాను.

పాత_లేత్:
మెత్తటి ఇనుము వాడితే వంగుతుంది. గట్టి ఉక్కు వంగదు.

కొత్తచేయి:
వచ్చేసింది! కిట్ బోల్ట్ పళ్లు ఎం8తో కలవలేదు. వేరే 8.8 బోల్ట్‌లు వేళ్లతో తొమ్మిది చుట్లు ఎక్కాయి. క్రాంక్ బోల్ట్ సార్ చెప్పినట్టే పెట్టాను. మొదట పుల్లర్ పట్టీ ఒక పక్కకి వాలింది. రెండు పక్కలా పుల్లీకీ పట్టీకీ మధ్య దూరం స్కేల్‌తో సమానం చేశాక, పానా అర చుట్టు తిప్పగానే టక్కుమని చప్పుడొచ్చి పుల్లీ కదిలింది. ఆ చప్పుడు రబ్బరు తెగినదేమో అని భయంగా ఉంది.

రింగ్‌స్పానర్:
తుప్పు పట్టు వదిలినప్పుడు కూడా అలాగే మోగుతుంది. రింగుని చేత్తో గట్టిగా తిప్పి చూడండి, మధ్య భాగం నుంచి విడిగా కదలకూడదు. రబ్బరు పగిలి గానీ బయటికి పొంగి గానీ ఉండకూడదు. ఏది కనిపించినా పుల్లీ మార్చాల్సిందే. బాగుంటే మధ్య భాగం నుంచి రబ్బరు మీదుగా రింగు దాకా పెయింట్‌తో ఒక గీత గీసి పెట్టుకోండి. రింగు ఎప్పుడు జారినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. సీల్ తిరిగే చోట పుల్లీ మెడ మీద గోరు నడిపి చూడండి. గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతుంది.

బేరింగ్‌బాబు:
ఇంపాక్ట్ గన్ పెట్టుంటే ఇంతసేపు పట్టేది కాదు.

రింగ్‌స్పానర్:
గన్‌తో తిప్పితే మర సాగడం మొదలైనా చేతికి తెలియదు. పానా అయితే బరువు పెరగకుండా మెత్తగా తిరగడం మొదలవగానే తెలిసిపోతుంది, అక్కడే ఆపొచ్చు.

బేరింగ్‌బాబు:
స్క్రూకి గ్రీజు పూసి, గన్‌ని తక్కువ స్పీడ్‌లో పెడితే ఏమీ కాదు. వరసగా బండ్లు వచ్చే షెడ్‌లో ప్రతి పుల్లీకీ పానా పట్టుకుని కూర్చోలేం.

పాత_లేత్:
గన్ సంగతిలో మాత్రం నేను బాబు వైపే. కాకపోతే మొదటి కదలిక పానాతో వచ్చాక గన్ పెట్టాలి.