u'(1) = 0 అనే కండిషన్ మ్యాట్రిక్స్‌లో ఎక్కడ పెట్టాలి?

తార్నాక ఎంటెక్
నమస్కారం అండీ. ఫైనైట్ ఎలిమెంట్ ల్యాబ్‌లో ఇచ్చిన మొదటి లెక్క దగ్గరే ఆగిపోయాను. సమీకరణం −u'' = 1, x సున్నా నుంచి 1 దాకా. ఎడమ చివర u(0) = 0, కుడి చివర u'(1) = 0. సమానంగా రెండు ఎలిమెంట్లు, అంటే మూడు నోడ్‌లు తీసుకున్నాను. అసెంబ్లీ చేశాక ఇలా వచ్చింది.

```
K = 2 * [ 1  -1   0 ]
        [-1   2  -1 ]
        [ 0  -1   1 ]
F =     [ 1/4  1/2  1/4 ]
```

దీన్ని అలాగే సాల్వ్ చేస్తే `LinAlgError: Singular matrix` అంటోంది. రెండు చివరలా కండిషన్లు ఉన్నాయి కదా అని మొదటి వరుస, చివరి వరుస రెండూ తీసేశాను. అప్పుడు మధ్య నోడ్ దగ్గర 0.125 వచ్చింది. చేత్తో చేస్తే u = x − x²/2 వస్తోంది, దాని ప్రకారం అక్కడ 0.375 ఉండాలి. అసలు u'(1) = 0 అన్నది ఈ మ్యాట్రిక్స్‌లో నాకు ఎక్కడా కనిపించడం లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలి? సోమవారం వైవా ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది.

బాలానగర్ డిజైన్
తమ్ముడూ, సింగులర్ ఎందుకొచ్చిందో ముందు చెప్తా. ఆఫీసులో మాకు సాఫ్ట్‌వేర్ కూడా రోజూ ఇదే వార్నింగ్ ఇస్తుంది. మోడల్‌ని ఎక్కడా పట్టి ఉంచకపోతే మొత్తం వస్తువు అలాగే పక్కకు జరిగిపోవచ్చు. మీ K లో ఏ వరుస కూడినా సున్నా వస్తుంది చూడండి. మూడు నోడ్‌లూ ఒకేలా జరిగితే ఏ ఎలిమెంటూ సాగదు, బలమూ పుట్టదు అని దాని అర్థం. కాబట్టి u(0) = 0 పెట్టాల్సిందే, మొదటి వరుస, మొదటి నిలువు తీసేయండి.

ఇక కుడి చివర స్లోప్ సున్నా కావాలి కాబట్టి ఆఖరి వరుస స్థానంలో u₂ − u₁ = 0 రాసేయండి. ఫైనైట్ డిఫరెన్స్‌లో నేను అలాగే చేసేవాణ్ణి.

తార్నాక ఎంటెక్
థాంక్స్ అన్నా. అలా చేస్తే u₁ = 0.25, u₂ = 0.25 వచ్చాయి. రావాల్సినవి 0.375, 0.5. ఇంకా కలవలేదు.

బాలానగర్ డిజైన్
రెండే ఎలిమెంట్లు కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది. పది, వంద పెట్టి చూడండి. దగ్గరకు వస్తుంది.

లెక్కల మేడం
దగ్గరకు వస్తుంది, నిజమే. ఆ పద్ధతిలో చివరి నోడ్ విలువ (1 − h)/2 అవుతుంది. పది ఎలిమెంట్లకు 0.45, వందకు 0.495. కానీ ఆఖరి వరుసను ముట్టుకోకుండా వదిలేస్తే రెండు ఎలిమెంట్లతోనే సరిగ్గా 0.5 వస్తుంది. u'(1) = 0 ని ఎక్కడా పెట్టనక్కర్లేదు. మీరు వీక్ ఫామ్ రాసినప్పుడే అది లోపలికి వచ్చేసింది. అది ఎక్కడ వచ్చిందో చూద్దాం.

సమీకరణాన్ని టెస్ట్ ఫంక్షన్ v తో గుణించి, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ చేస్తే వచ్చేది ఇది:

```
∫ u' v' dx  −  u'(1) v(1)  +  u'(0) v(0)  =  ∫ v dx
```

ఇక్కడ మధ్యలో ఉన్న రెండు పదాలనూ చాలామంది ఒకే ఊపులో "బౌండరీ టర్మ్స్ సున్నా" అని కొట్టేస్తారు. మీ ఇబ్బంది మొదలైంది అక్కడే. రెండూ పోతాయి, కానీ వేరు వేరు కారణాలతో పోతాయి. ఎడమ చివర u'(0) ఎంతో మనకు తెలియదు. తెలియనిది సమీకరణంలో ఉండకూడదు కాబట్టి v(0) = 0 అయ్యే టెస్ట్ ఫంక్షన్లనే తీసుకుంటామని మనమే నిర్ణయించుకుంటాం. కుడి చివర v(1) మీద ఏ నిర్బంధమూ లేదు. అక్కడ u'(1) ఎంతో తెలుసు, అది సున్నా. ఆ విలువ పెట్టాం కాబట్టి ఆ పదం పోయింది. కండిషన్ వాడుకున్నది ఆ క్షణంలోనే.

నమ్మకం కుదరకపోతే వెనక్కి నడవండి. ∫ u'v' = ∫ v అన్నది v(0) = 0 అయిన ప్రతి v కీ నిజమని మాత్రమే తీసుకుని, మళ్లీ బై పార్ట్స్ చేయండి. ∫ (−u'' − 1) v dx + u'(1) v(1) = 0 వస్తుంది. ముందు v(1) = 0 అయ్యే v లు తీసుకుంటే −u'' = 1 బయటపడుతుంది. దాంతో ఇంటిగ్రల్ పోతుంది. ఇప్పుడు v(1) = 1 అయ్యేది ఒకటి తీసుకోండి, u'(1) = 0 తప్ప ఇంకేమీ మిగలదు.

మీరు చివరి వరుస తీసేసినప్పుడు v(1) = 0, u(1) = 0 అన్నట్టయింది. అంటే రెండు చివరలా బిగించిన వేరే లెక్క చేశారు. దానికి 0.125 సరైన జవాబే.

తార్నాక ఎంటెక్
మేడం, వీక్ ఫామ్ దాకా అర్థమైంది. కానీ ఆఖరి వరుసలో 1, మధ్యలో 2 ఎందుకున్నాయో పట్టిక చూసి రాశానే తప్ప తెలియదు. వైవాలో అదే అడిగితే?

లెక్కల మేడం
మీ లెక్కలో h = 1/2. మధ్య నోడ్ మీద నిలబెట్టిన టోపీ ఫంక్షన్ φ₁ ఎడమ ఎలిమెంట్‌లో +2 స్లోప్‌తో ఎక్కి, కుడి ఎలిమెంట్‌లో −2 తో దిగుతుంది. స్లోప్‌ని దానితోనే గుణిస్తే రెండు వైపులా 4. ఒక్కో వైపు పొడవు సగం కాబట్టి 4 × ½ + 4 × ½ = 4. చివరి నోడ్ మీది φ₂ కి ఎక్కే వైపు మాత్రమే ఉంది, దిగే వైపు లేదు. అందుకని 4 × ½ = 2. ఈ రెండూ కలిసి ఉండేది కుడి ఎలిమెంట్‌లోనే, అక్కడ స్లోప్‌లు −2, +2, కాబట్టి −4 × ½ = −2. F కూడా అంతే. పూర్తి టోపీ కింద వైశాల్యం 1/2, సగం టోపీ కింద 1/4.

మొదటి నోడ్ తీసేశాక మిగిలేవి రెండు సమీకరణాలు: 4u₁ − 2u₂ = 1/2, −2u₁ + 2u₂ = 1/4. కూడితే 2u₁ = 3/4. u₁ = 0.375, u₂ = 0.5.

ఇప్పుడు ఆ ఆఖరి సమీకరణాన్ని బలాల భాషలో చదవండి. పైన బిగించి, తన బరువుకి తనే సాగుతూ వేలాడే కడ్డీ అనుకోండి. మొత్తం బరువు 1, కింది కొస ఖాళీ. మన రెండు ఎలిమెంట్లలో కింది నోడ్ వాటాకి వచ్చే బరువు 1/4. దాన్ని కింది ఎలిమెంట్ మోయాలి అని ఆ వరుస చెబుతోంది. అక్కడ u₂ − u₁ = 0 అని రాస్తే కింది ఎలిమెంట్ ఏమీ మోయదు, ఆ పావు వంతు బరువు లెక్కలోంచే మాయమవుతుంది. ఎలిమెంట్లు పెంచితే మాయమయ్యే వాటా h/2 చొప్పున తగ్గుతుంది. అందుకే బాలానగర్ గారి పద్ధతి నెమ్మదిగానైనా దగ్గరకు వస్తుంది. పైగా మ్యాట్రిక్స్ సిమెట్రీ పోతుంది.

తార్నాక ఎంటెక్
నోడ్‌ల దగ్గర సరిగ్గా వచ్చాయి! కానీ మేడం, ఇంకో అనుమానం. చివరి ఎలిమెంట్ స్లోప్ (0.5 − 0.375)/0.5 = 0.25 వస్తోంది. u'(1) = 0 కావాలి కదా?

లెక్కల మేడం
మంచి అనుమానం. ఆ కండిషన్ u(0) = 0 లాగా పాయింట్ దగ్గర కచ్చితంగా పాటించబడదు, సగటున పాటించబడుతుంది. ఈ లెక్కలో చివరి ఎలిమెంట్ స్లోప్ ఎప్పుడూ h/2. మెష్ చిన్నదైతే సున్నాకి చేరుతుంది. 0.25 అన్నది నిజానికి ఆ ఎలిమెంట్ మధ్యలో, x = 0.75 దగ్గర ఉండే అసలు స్లోప్. దాన్ని కొసకు అంటగట్టకూడదు, అంతే.

పై చివర కూడా ఇదే జాగ్రత్త కావాలి. మొదటి ఎలిమెంట్ స్లోప్ 0.75 వస్తుంది, అసలు u'(0) మాత్రం 1. ఆ బలం కావాలంటే మీరు తీసేసిన మొదటి వరుసను పారేయకండి. జవాబు వచ్చాక అందులో పెట్టి చూడండి.

```python
import numpy as np
n = 2
x = np.linspace(0, 1, n+1)
K = np.zeros((n+1, n+1)); F = np.zeros(n+1)
for e in range(n):
    h = x[e+1] - x[e]
    K[e:e+2, e:e+2] += np.array([[1, -1], [-1, 1]]) / h
    F[e:e+2] += h / 2
u = np.zeros(n+1)
u[1:] = np.linalg.solve(K[1:, 1:], F[1:])
print(u, K[0] @ u - F[0])
```

చివర −1 వస్తుంది. పై కొక్కెం మోస్తున్న మొత్తం బరువు అది, మైనస్ అంటే పైకి లాగుతోందని. ప్రోగ్రాం ఎవరు రాసినా నేను ముందు చూసేది ఈ అంకెనే. u₂ = u₁ పద్ధతితో వచ్చిన విలువలు ఇందులో పెడితే −0.75 వస్తుంది.

నాచారం బోర్ పంప్స్
నాకు ఈ మ్యాట్రిక్స్‌లు తెలియవు కానీ వేలాడే కడ్డీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా బోర్లలో పైపు పైన క్లాంప్‌కి వేలాడుతుంది, కింద మోటారు. అప్పుడు కింది కొస ఫ్రీ కాదు కదా? బిగించినట్టా?

లెక్కల మేడం
బిగించినట్టు కాదండీ. మోటారు పైపుతో పాటే కిందికి దిగుతుంది, జరగకుండా ఏదీ ఆపడం లేదు. కాబట్టి u(1) తెలియదు, అక్కడి బలం తెలుసు. వీక్ ఫామ్‌లో u'(1)v(1) అనే పదం ఈసారి సున్నా కాకుండా కుడి వైపుకు వెళ్తుంది. K మారదు. F లో ఆఖరి అంకెకు మోటారు బరువు కలపడమే. మోటారు బరువు పైపు బరువులో సగం అనుకుంటే 1/4 + 1/2 = 3/4. జవాబు 0.625, 1.0. పై క్లాంప్ మీద 1.5. మీ అసలు లెక్కలో పైపులో నిండిన నీళ్లు, నీటిమట్టం కింద ఉన్న భాగం తేలిక కావడం, ఇవి కూడా బరువులోకి రావాలి.

నాచారం బోర్ పంప్స్
అర్థమైంది మేడం. మరి హెచ్‌డీపీఈ పైపు దించిన రోజు ఒక కొలత, కొన్ని నెలల తర్వాత ఇంకాస్త కిందికి దిగి ఉంటుంది. అది కూడా ఇందులో వస్తుందా?

లెక్కల మేడం
రాదండీ. ఈ K లో కాలం లేదు. ప్లాస్టిక్ నెమ్మదిగా సాగే గుణానికి వేరే మెటీరియల్ లెక్క కావాలి. అది నా పని కాదు, తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

బాలానగర్ డిజైన్
మేడం చెప్పింది ఒప్పుకుంటా. కానీ నోడ్‌ల దగ్గర కచ్చితంగా వస్తుందన్నది ఈ లెక్కకే చెల్లుతుంది. మా దగ్గర కిందికి సన్నబడే షాఫ్ట్‌లు ఉంటాయి. వాటికి రెండు ఎలిమెంట్లు పెడితే నోడ్‌ల దగ్గర కూడా తేడా చూశాను.

లెక్కల మేడం
అవును. గుణకం స్థిరంగా ఉండి, F ఇంటిగ్రల్ కచ్చితంగా చేస్తేనే ఆ సౌకర్యం. అడ్డుకోత మారితే 1/h బదులు ఆ ఎలిమెంట్‌లోని సగటు గుణకాన్ని h తో భాగించి వేయాలి, నోడ్ విలువలు అప్పుడు ఉజ్జాయింపే. క్లాంప్ దగ్గర మొత్తం బరువు మాత్రం అప్పుడూ సరిగ్గా తేలాలి.

తార్నాక ఎంటెక్
పది ఎలిమెంట్లకు నడిపాను, చివరి నోడ్ 0.5, చివరి ఎలిమెంట్ స్లోప్ 0.05, K[0] వరుస −1. ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. మా ల్యాబ్ సార్ వరుస తీసేయకుండా K[0,0] కి 1e10 లాంటి పెద్ద అంకె కలపమన్నారు. అప్పుడు ఈ బరువు చెక్ ఎలా చేయాలి?

బాలానగర్ డిజైన్
ఆ పెద్ద అంకెని వచ్చిన u₀ తో గుణించండి, బరువు అదే. మరీ చిన్నది పెడితే u₀ సున్నాకి దూరంగా ఉండి, మిగతా నోడ్‌లన్నీ అంతే జరిగిపోతాయి. ఎంత పెట్టాలన్నది K లోని మిగతా అంకెల సైజుని బట్టి. మీ పది ఎలిమెంట్ల K తో 1e6, 1e10, 1e16 మూడూ వేసి ఏమొస్తుందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.