ఫోన్ నిండిపోయింది: 4కే 60 మానేయాలా, హెచ్‌ఈవీసీ పెడితే చాలా?

ఖాళీ_లేదు: ఐఫోన్, 128 జీబీ. అందులో 80 జీబీ పైన వీడియోలే. పిల్లల వీడియోలన్నీ 4కే 60లో, అంటే సెకనుకు 60 ఫ్రేములతో తీస్తున్నాను. ఏది తగ్గిస్తే ఎక్కువ చోటు మిగులుతుంది? రిజల్యూషనా, ఫ్రేమ్ రేటా, కోడెక్కా?

వేగం_రాజు: సింపుల్ బ్రదర్. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి High Efficiency పెట్టు. అదే హెచ్‌ఈవీసీ, వీడియోను ఎక్కువగా కుదించే కోడెక్. సైజు సగానికి సగం పడిపోతుంది, క్వాలిటీ చెక్కు చెదరదు. 4కే 60 మార్చాల్సిన పనే లేదు.

బిట్‌రేటు_బాబాయ్: రాజు గారూ, సగం అన్న మాట దాదాపు నిజమే. కానీ ఈయనకు అది పనికిరాదు. ఐఫోన్‌లో 4కే 60 రావాలంటే High Efficiency ఉండి తీరాలి. Most Compatible, అంటే పాత హెచ్.264 కోడెక్ పెడితే ఆ 60 ఆప్షనే ఎంచుకోనివ్వదు. అంటే ఈయన ఎప్పటినుంచో హెచ్‌ఈవీసీలోనే తీస్తున్నారు. ఆ సగం అప్పుడే వాడేసుకున్నారు.

ఖాళీ_లేదు గారూ, కెమెరా సెట్టింగ్స్‌లో Record Video తెరిస్తే అడుగున నిమిషానికి ఎంత అవుతుందో ఫోనే చెబుతుంది. High Efficiencyలో ఉజ్జాయింపుగా 1080పీ 30కి 60 ఎంబీ, 4కే 30కి 170 ఎంబీ, 4కే 60కి 400 ఎంబీ. 20 జీబీ ఖాళీ ఉందనుకోండి. మీ ఇప్పటి సెట్టింగ్‌లో 50 నిమిషాలకు నిండిపోతుంది. 4కే 30లో రెండు గంటలకు కాస్త తక్కువ వస్తుంది. 1080పీ 30లో ఐదున్నర గంటలు. రిజల్యూషన్ ముట్టుకోకుండా 60ని 30 చేస్తేనే సగానికి పైగా మిగులుతోంది కదా, ముందు అది చేయండి.

వేగం_రాజు: 4కే అంటే 1080పీకి నాలుగు రెట్లు పిక్సెల్స్. నాలుగు రెట్లు సైజు ఉండాలి. మీరేమో 60 నుంచి 170 అంటున్నారు. లెక్క ఎక్కడో తప్పింది.

బిట్‌రేటు_బాబాయ్: లెక్క నాది కాదు, ఫోన్‌ది. ఫైల్ సైజు పిక్సెళ్లను బట్టి రాదు, సెకనుకు ఎన్ని బిట్లు రాస్తున్నారో దాన్ని బట్టి వస్తుంది. పక్కపక్క పిక్సెళ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి పిక్సెల్స్ నాలుగు రెట్లయినా బిట్లు అంత పెరగక్కర్లేదు. ఎంత పెంచాలో ఫోన్ తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు.

వేగం_రాజు: మరి అదే లాజిక్‌తో 60 ఫ్రేముల్లో కూడా పక్కపక్క ఫ్రేములు ఒకేలా ఉంటాయి కదా? 170 నుంచి 400 ఎందుకు అయింది? రెట్టింపు కంటే ఎక్కువ!

బిట్‌రేటు_బాబాయ్: మంచి ప్రశ్నే. వీడియోను కుదించే ఎన్‌కోడర్ అంత బిట్‌రేటు అడిగి తీసుకుంటోంది, అంతే. ఎందుకంత ఇచ్చారో వాళ్లనే అడగాలి.

వేగం_రాజు: అంటే మీ దగ్గర జవాబు లేదు.

టీవీ_బాధితురాలు: హెచ్‌ఈవీసీ అంటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ఫంక్షన్ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి పాత టీవీకి పెడితే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం లేదు. నల్ల తెర. వచ్చినవాళ్లంతా రేడియో విన్నట్టు విన్నారు. సైజు తగ్గితే ఎవరికి కావాలి? ఎవరూ హెచ్‌ఈవీసీ పెట్టకండి.

బిట్‌రేటు_బాబాయ్: అమ్మా, శబ్దం వచ్చి బొమ్మ రాలేదంటే ఆ టీవీకి ఆ కోడెక్ తెలియదన్నమాట, ఫైల్ పాడవలేదు. అలాంటి టీవీ కోసం ఒక్క కాపీని హెచ్.264లోకి మార్చుకుంటే సరిపోతుంది. దాని కోసం తీసేవన్నీ హెచ్.264లో తీస్తే 1080పీ 30 నిమిషానికి 60 బదులు 130 ఎంబీ అవుతుంది.

నిద్రపట్టని_ఎడిటర్: ఇంకో మాట. రాత్రి ఇంట్లో లైట్ల కింద 60లో తీయడం దండగ. 60లో ఒక్కో ఫ్రేముకు సెకనులో 60వ వంతుకు మించి వెలుతురు అందదు, 30లో దానికి రెట్టింపు వరకు అందుతుంది. తక్కువైన వెలుతురును ఫోన్ పెంచి చూపిస్తుంది, దాంతో నాయిస్ వస్తుంది. వెనక గోడ మీద ఇసుక పాకుతున్నట్టు కనిపిస్తుందే, అదే. ఆ నాయిస్‌కు కూడా ఎన్‌కోడర్ బిట్లు పోస్తుంది. పరుగు పందెం, ఈత, పగటిపూట ఆట అయితే 60 పెట్టుకోండి.

ఖాళీ_లేదు: అర్థమైంది. 60 తీసేస్తాను. ఇప్పటికే ఉన్న 80 జీబీ సంగతి ఏంటి? సెట్టింగ్ మార్చినా అవి తగ్గలేదు.

నిద్రపట్టని_ఎడిటర్: సెట్టింగ్ ఇకముందు తీసేవాటికే. పాతవి తగ్గాలంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ffmpeg అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌తో ఇలా:

```
ffmpeg -i in.mov -map_metadata 0 -vf scale=iw/2:-2 -r 30 \
 -c:v libx265 -crf 24 -tag:v hvc1 -c:a copy out.mp4
```

`-map_metadata 0` మరిచిపోకండి. లేకపోతే తీసిన తేదీ పోయి, పాత పుట్టినరోజు ఇవాళ్టి వీడియోల మధ్య తేలుతుంది. ముందు ఒక్క వీడియో చేసి చూడండి. కెమెరా పక్కకు తిరిగినప్పుడు గడ్డి, జుట్టు ముద్దలా అయితే crf 24ను 21 చేయండి, ఆ అంకె తగ్గితే నాణ్యతా సైజూ పెరుగుతాయి. హెచ్‌డీఆర్‌లో తీసిన వీడియో అయితే ఈ కమాండ్ వాడకండి, రంగులు తేడా రావచ్చు.

వేగం_రాజు: చూశారా! తర్వాత తగ్గించుకోవచ్చు. అందుకే అంటున్నా, తీసేది 4కే 60లోనే తీయాలి.

బిట్‌రేటు_బాబాయ్: ఆ 80 జీబీని ఎవరైనా కూర్చుని తగ్గించారా? తగ్గిస్తే ఈ థ్రెడ్ ఉండేదా? "తర్వాత" అనేవాళ్ల ఫోన్లే నిండేది.

వేగం_రాజు: మీరు పెద్దవారు, ఊరుకుంటున్నా. కానీ మా నాన్న వీడియో నా దగ్గర ఒక్కటే ఉంది. చోటు మిగలాలని అప్పట్లో అతి చిన్న సైజు పెట్టి తీశాను. ముఖం చేతివేలి గోరంత. పెద్దది చేస్తే చదరాలు చదరాలుగా విడిపోతుంది. ఏ కమాండ్‌తో తెస్తారు దాన్ని? 4కేలో అయితే మధ్య పావు భాగం కత్తిరించుకున్నా 1080పీ మిగులుతుంది. మీకు ఎంబీలు తప్ప ఏమీ పట్టవు.

బిట్‌రేటు_బాబాయ్: అది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. 4కే వద్దని నేను ఎక్కడా అనలేదు రాజూ, పైకి వెళ్లి చదువు. 60 వద్దన్నాను. మనిషి కూర్చుని మాట్లాడుతుంటే 60 ఫ్రేముల వల్ల ముఖం స్పష్టత పెరగదు. 4కే 30 పెట్టుకో, నీ పావు భాగం నీకు ఉంటుంది, నిమిషానికి 230 ఎంబీ మిగులుతుంది.

వేగం_రాజు: ఏది మళ్లీ కావాల్సి వస్తుందో తీసేటప్పుడు ఎవరికి తెలుసు? కదలిక కూడా కావాలనిపించవచ్చు, స్లో చేసి చూడాలనిపించవచ్చు. నేను 60 మానను. 512 జీబీ ఫోన్ కొంటాను.

టీవీ_బాధితురాలు: ఆ కొత్త ఫోన్‌లోని వీడియో మా టీవీలో వస్తుందా?

నిద్రపట్టని_ఎడిటర్: రాదు మేడమ్.

ఖాళీ_లేదు: ఇప్పటికి 4కే 30 పెట్టాను. పాతవాటిలో కొన్ని తగ్గించి ఒరిజినల్స్ డిలీట్ చేశాను. స్టోరేజ్ అంకె ఇంకా కదల్లేదు?

బిట్‌రేటు_బాబాయ్: Recently Deletedలో ఉంటాయి, 30 రోజుల వరకు చోటు ఆక్రమించుకునే ఉంటాయి. అక్కడ కూడా తీసేయాలి. తీసే ముందు కొత్త ఫైళ్లు చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూసుకోండి.