చెస్ బహుమతి సభలో పేర్లు, బిరుదులు ఎలా చదవాలి?

శారద_గుంటూరు
వచ్చే ఆదివారం మా ఊళ్లో ఓపెన్ రేటింగ్ టోర్నమెంట్ ముగుస్తోంది. బహుమతుల సభలో మైకు నా చేతికిచ్చారు. నేను తెలుగు పంతులమ్మని, చెస్ గురించి నాకు తెలిసింది తక్కువ. తమిళనాడు, కేరళ, బెంగాల్ నుంచి కూడా ఆటగాళ్లు వస్తున్నారు. నిరుడు ఇలాంటి సభలోనే ఒక తమిళ అమ్మాయిని పిలుస్తుంటే, అది తన పేరేనని ఆ పిల్లకే తెలియలేదు. పక్కనున్నవాళ్లు తట్టి లేపాల్సి వచ్చింది. గెలిచిన రోజున ఆ పిల్లకి అలా జరగడం నాకు చాలా బాధనిపించింది. ఈసారి అలా కానివ్వకూడదని అడుగుతున్నాను.

నాకిచ్చిన జాబితా ఇలా ఉంది (పేర్లు మార్చాను, తీరు మాత్రం ఇదే):

```
WGM  Yazhini K
FM   Bhavani Prasad Ch
CM   Dibyajyoti S
     Sk Rehana
IA   Joseph V T
```

ఎవరిని ఏ ముక్కతో పిలవాలి? ముందున్న పొడి అక్షరాలను ఎలా చదవాలి? గారు ఎవరికి పెట్టాలి?

నల్లగుర్రం
ఇది తేలికేనండీ. చెస్ జాబితాల్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. `Koneru, Humpy` చూడండి, కోనేరు ఇంటిపేరు, హంపి పేరు. `Erigaisi Arjun` కూడా అంతే. అంచేత రెండో ముక్క పట్టుకుని గారు తగిలించండి, సరిపోతుంది. ఇక బిరుదంటారా, మగవాళ్లకు GM, ఆడవాళ్లకు WGM. రెండూ గ్రాండ్‌మాస్టరే.

పాత_ఆర్బిటర్
నల్లగుర్రం గారూ, కామా ఉన్నచోట మీ మాట చాలావరకు నిలుస్తుంది. కామా లేనిచోట దాన్ని నమ్ముకుంటే శారద గారు యాళినిని పట్టుకుని "కె గారు" అనాల్సి వస్తుంది. `Gukesh D`, `Praggnanandhaa R` అన్న రెండు పేర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ప్రజ్ఞానంద పక్కన ఉన్న R వాళ్ల నాన్నగారు రమేశ్‌బాబు. గుకేశ్ పక్కన ఉన్న D దొమ్మరాజు, అంటే ఇంటిపేరు. గుకేశ్‌ది చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం మరి. విశ్వనాథన్ ఆనంద్‌లో విశ్వనాథన్ కూడా తండ్రి పేరే, ఆయన పేరు ఆనంద్. ఆయన్ని "మిస్టర్ విశ్వనాథన్" అంటే వాళ్ల నాన్నని పిలిచినట్టవుతుంది.

కాబట్టి శారద గారూ, పొడి అక్షరం దేనికి గుర్తో ఊహించే పని పెట్టుకోకండి. పూర్తిగా రాసి ఉన్న మాటే పిలిచే పేరు. ఆ అక్షరాన్ని మనవైపు అలవాటు ప్రకారం ముందుకు తెచ్చి "కె. యాళిని" అని చదవండి. తమిళులకూ అదే అలవాటు.

బిరుదు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. WGM అంటే ఆడవాళ్ల GM అని కాదు. అది వేరే బిరుదు, GM కంటే కింద ఉంటుంది. పెద్ద పోటీల్లో సాధించాల్సిన నార్మ్‌లతో పాటు GMకి రేటింగ్ 2500 చేరాలి, WGMకి 2300 చాలు. హంపి 2002లో, హారిక 2011లో, వైశాలి 2023లో సంపాదించింది GM. వాళ్లను వేదిక మీద "ఉమెన్ గ్రాండ్‌మాస్టర్" అంటే ఏళ్లు కష్టపడి ఎక్కిన మెట్టు మనం ఒక్క మాటతో దించేసినట్టే. అటు నుంచీ పొరపాటు రాకూడదు. మీ జాబితాలో యాళినికి WGM ఉంది గనక "ఉమెన్ గ్రాండ్‌మాస్టర్" అని మొత్తం చదవండి. గౌరవం కదా అని "గ్రాండ్‌మాస్టర్" అన్నారంటే, హాల్లో ఉన్న ఆటగాళ్లందరికీ తేడా తెలుసు, ఇబ్బంది పడేది ఆ అమ్మాయే.

FM ఫిడే మాస్టర్, CM క్యాండిడేట్ మాస్టర్. IA ఆటగాడి బిరుదు కాదు, ఇంటర్నేషనల్ ఆర్బిటర్, అంటే పోటీల్లో న్యాయనిర్ణేత. ఆయన్ని బహుమతి అందుకోవడానికి కాకుండా వేదిక మీద కూర్చోవడానికి పిలవాలి.

మైలాపూర్_అమ్మ
ఆర్బిటర్ గారు చెప్పింది మా ఇంట్లోనే ఉంది. మేం చెన్నైలో తెలుగువాళ్లం. పెద్దాడిని బళ్లో వేసినప్పుడు ఇనీషియల్ అడిగితే మా ఆయన పేరులో మొదటి అక్షరం ఇచ్చాం. చిన్నదాన్ని నెల్లూరులో మా అమ్మ దగ్గర చేర్చాం, అక్కడ ఇంటిపేరు అక్షరం రాసేశారు. ఒకే తల్లి పిల్లలు, ఇద్దరికీ వేరువేరు ఇనీషియళ్లు!

శారద గారూ, `Yazhini`లో `zh` ఉంది చూడండి, దాన్ని జ అని చదవకండి. మన ళకి నాలుక వెనక్కి మడిచి అంగిట్లో తాకిస్తాం. అలాగే మడిచి, తాకించకుండా వదిలితే ఆ తమిళ అక్షరం పలుకుతుంది. నోరు తిరక్కపోతే ళ అన్నా చాలు. మన పేపర్లు కనిమొళి, అళగిరి అని రాసేది అందుకే. అన్నట్టు మొదటి అక్షరం యా, దీర్ఘం. ఇంగ్లీషు స్పెల్లింగులో అది కనబడదు. నిరుడు మీరు చూసిన పిల్లని "యజిని" లాంటి పిలుపేదో పిలిచి ఉంటారు, తన పేరని ఎలా అనుకుంటుంది?

ఇంకొకటి. తమిళులు `th` రాస్తే త, `dh` రాస్తే ద. ఒత్తు ఉందనుకుని థ, ధ అని నొక్కకండి.

కోదాడ_కుర్రాడు
మా అక్క పెళ్లి శుభలేఖలో పేర్ల ముందు ఏం పెట్టాలో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, అందుకని నాకు ఈ విషయం బాగా గుర్తుంది. అబ్బాయిలకు చి., పెళ్లికాని అమ్మాయిలకు చి.ల.సౌ., పెద్దాడవాళ్లకు శ్రీమతి. ఇక్కడా అదే పెట్టెయ్యొచ్చుగా?

మైలాపూర్_అమ్మ
శుభలేఖ సంగతి వేరు బాబూ. ఇక్కడ ఆ అమ్మాయికి పెళ్లయిందా లేదా అన్నది సభకెందుకు? బిరుదు ఉన్నవాళ్లకు బిరుదే చాలు, లేనివాళ్లకు పేరు చాలు. కుమారినా శ్రీమతినా అని తేల్చుకునే పనే ఉండదు.

చీరాల_వాసి
`Sk Rehana` గురించి నేను చెప్తాను, మా ఇంట్లో అందరికీ ముందు Sk ఉంటుంది. దాన్ని "ఎస్‌కే" అని అక్షరాలుగా చదవడం విని విని విసుగొచ్చింది. అది షేక్. "షేక్ రెహానా" అని చదివి, తర్వాత మాట్లాడేటప్పుడు "రెహానా" అనండి. "షేక్ గారూ రండి" అంటే మాత్రం మన జిల్లా సభలో కనీసం నలుగురు లేస్తారు. Md ఉంటే మహమ్మద్.

`Ch` కూడా అలాంటిదే. మన తెలుగువాళ్లే ఇంటిపేరు చతో మొదలైతే రెండక్షరాలు కలిపి ఇనీషియల్‌గా రాస్తారు. "సి హెచ్ భవానీ ప్రసాద్" అనే బదులు ఆయన్నే ఇంటిపేరు అడిగి పూర్తిగా చదివితే మన ఊరి మనిషికి ఎంత బావుంటుంది!

ఖరగ్‌పూర్_రైల్వే
మా నాన్న రైల్వే ఉద్యోగం వల్ల నేను ఖరగ్‌పూర్‌లోనే పెరిగాను. బెంగాలీ పిల్లాడి పేరు చూడగానే మనవాళ్లకు సరిదిద్దాలనిపిస్తుంది. `Dibyajyoti` అని ఉంటే దివ్యజ్యోతి అనేస్తారు. అలా చెయ్యకండి. వాళ్లకు వకారం బకారమే, అదే వాళ్ల సరైన పేరు. దిబ్యేందు బరువా 1991లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, ఆనంద్ తర్వాత దేశంలో రెండోవారు. ఆయన్ని దివ్యేందు అని ఎవరూ అనరు. బెంగాలీలు పలికేటప్పుడు బ్బ అని వత్తుతారు, మధ్యలో అకారం ఒకారంలా వినిపిస్తుంది. అంత మీకు రానక్కర్లేదు గానీ బని బగానే ఉంచండి.

అక్కడ పెద్దవాళ్లను పేరు చివర దా, ది చేర్చి పిలుస్తారు. అది చనువున్న పిలుపు. మైకులో వాడితే కొత్తవాళ్ల నోట ఎబ్బెట్టుగా ఉంటుంది, మన గారు చాలు.

శారద_గుంటూరు
అందరికీ ధన్యవాదాలు. ఇంత తేడా ఉంటుందని ఊహించలేదు. ఆర్బిటర్ గారూ, అసలు ఈ సమాచారం ఎప్పుడు, ఎవరిని అడగాలి? ఆఖరి రౌండు అయ్యేదాకా ఎవరు గెలుస్తారో తెలియదుగా.

పాత_ఆర్బిటర్
అక్కడే అందరూ ఇబ్బంది పడతారు. ఆఖరి ఆట అయ్యాక ర్యాంకులు తేలతాయి, టైబ్రేక్ చూసి ప్రింటు తీస్తారు, ఈలోపు ముఖ్య అతిథి బయల్దేరాలంటారు. ఆ హడావుడిలో పేర్లు అడిగే తీరికే ఉండదు. అందుకని ఆఖరి రౌండు జతలు గోడ మీద అంటించగానే మొదటి పది పన్నెండు బోర్డుల పేర్లు రాసుకోండి. పెద్ద బహుమతులు దాదాపు అక్కణ్ణుంచే వస్తాయి.

అసలు చిక్కు విభాగాల బహుమతులతో. తొమ్మిదేళ్లలోపు, రేటింగ్ లేనివాళ్లలో మొదటివారు, పెద్దవయసువారు లాంటివి ఎక్కడో వెనక బోర్డుల నుంచి వస్తాయి, ఆ పేర్లు ఎవరి నోటికీ అలవాటుండవు. ప్రతి విభాగంలో ముందున్న ముగ్గురు నలుగురి పేర్లు చీఫ్ ఆర్బిటర్‌ని అడిగితే ఇస్తారు.

ఆట నడుస్తుండగా హాల్లోకి వెళ్లి ఆటగాళ్లను కదిలించకూడదు. బయట తల్లిదండ్రులు, కోచ్‌లు కూర్చుని ఉంటారు, వాళ్లను అడగండి. "మీ అమ్మాయి పేరు ఇలా పలకొచ్చా?" అని మీరు పలికి చూపిస్తే మర్యాదకి అవునంటారు. మీరు పలకకుండా "ఒక్కసారి మీరు చెప్పండి" అని వాళ్ల చేత అనిపించి, విన్నది విన్నట్టు తెలుగులో అట్ట ముక్క మీద రాసుకోండి. దీర్ఘాలు, ఒత్తులు చూపడానికి మన లిపిని మించింది లేదు. ఇంగ్లీషు ప్రింటు చూసి మాత్రం చదవకండి.

ముఖ్య అతిథికి పద్మశ్రీ వచ్చి ఉంటే మరో మాట. పేరు ముందు "పద్మశ్రీ" అని తగిలించడం మన సభల్లో మామూలే గానీ, పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. "పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారు" అంటే ఏ ఇబ్బందీ లేదు.

శారద_గుంటూరు
ఆర్బిటర్‌గా వచ్చే కేరళ ఆయనకి ఈ సాయంత్రం ఫోన్ చేశాను. V T వాళ్ల ఇంటి పేరట, దాన్ని ఎవరూ పిలవరట. "జోసెఫ్ సార్ అనండి చాలు, మా వైపు అంతే" అన్నారు. యాళిని వాళ్ల అమ్మగారు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపారు, మైలాపూర్ అమ్మగారు చెప్పినట్టే దీర్ఘం ఉంది. భవానీ ప్రసాద్ గారిది చెరుకూరి.

దిబ్యజ్యోతికి పదమూడేళ్లు. క్యాండిడేట్ మాస్టర్ బిరుదు ఉంది కాబట్టి గారు పెట్టనా?

నల్లగుర్రం
పెట్టాలి. నేను WGM సంగతి తప్పు చెప్పానని ఒప్పుకుంటున్నాను గానీ ఈ విషయంలో మాత్రం తగ్గను. బోర్డు ముందు కూర్చున్నాక వయసు లేదు. నాన్న వయసువాళ్లను ఓడించి వచ్చిన పిల్లాడు.

మైలాపూర్_అమ్మ
పదమూడేళ్ల పిల్లాణ్ణి గారు అంటే ముడుచుకుపోతాడండీ. "క్యాండిడేట్ మాస్టర్ దిబ్యజ్యోతి" అంటే గౌరవం అందులోనే వచ్చింది.

పాత_ఆర్బిటర్
నేనైతే పద్దెనిమిది లోపువాళ్లకు గారు పెట్టను, కానీ క్రియ మాత్రం "రావాలి" అని మర్యాదగానే వాడతాను. "రా బాబూ" అని మైకులో ఎప్పుడూ అనను. హైదరాబాద్‌లో నాతో పనిచేసే కుర్ర ఆర్బిటర్లు పిల్లలందరికీ గారు పెడుతున్నారు, పిల్లలెవరూ ఇబ్బంది పడినట్టు కనబడలేదు మరి.