చల్లనీటి వాల్వు కారుతోందని అలారాలు వందల్లో వస్తున్నాయి, హద్దు ఎంత పెట్టాలి?

ట్రెండ్‌లాగ్:
అందరికీ నమస్కారం. మా దగ్గర భవనంలోకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూలు 12 ఉన్నాయి. వాటిని నియంత్రించే బీఎంఎస్‌లో ట్రెండ్ డేటా నిమిషానికి ఒకసారి నమోదవుతుంది. చల్లనీటి వాల్వు మూసి ఉన్నా నీరు కాయిల్‌లోకి కారుతోందేమో పట్టుకోవడానికి ఒక నియమం రాశాను. వాల్వు కమాండ్ 0% ఉండి, సప్లై ఎయిర్ ఉష్ణోగ్రత, బయటి గాలీ రిటర్న్ గాలీ కలిసిన మిక్స్‌డ్ ఎయిర్ కన్నా 1 డిగ్రీకి మించి తక్కువగా 5 నిమిషాలు ఉంటే అలారం. పెట్టిన మొదటి వారంలోనే 300కు పైగా వచ్చాయి. రెండు యూనిట్ల దగ్గరికి మనుషుల్ని పంపి వాల్వులు విప్పి చూపించాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఎవరూ నా అలారాలను నమ్మడం లేదు. హద్దును 3 డిగ్రీలకు పెంచేయమని పైవాళ్లు అంటున్నారు. అది సరైన దారేనా?

డేటాబాట:
అన్నిటికీ ఒకే అంకె పెట్టడమే అసలు పొరపాటు. ప్రతి యూనిట్‌కూ గత నెల డేటా తీసుకోండి. వాల్వు 0% ఉన్న నిమిషాలను మాత్రమే వడకట్టి, సప్లై నుంచి మిక్స్‌డ్ తీసివేసిన తేడాను వరుసలో పేర్చండి. అందులో అట్టడుగు 1 శాతం ఎక్కడ మొదలవుతుందో అదే ఆ యూనిట్ హద్దు. సెన్సర్లలో ఉన్న చిన్న చిన్న తప్పులన్నీ దానిలోనే సర్దుకుంటాయి. నేను ఇలాగే చేస్తున్నాను, అలారాలు బాగా తగ్గాయి.

గాలిమర:
మాకూ ఇదే సమస్య వచ్చింది. వాల్వు 100% తెరుచుకున్నా సప్లై ఎయిర్ సెట్‌పాయింట్‌కు దిగేది కాదు. చివరికి చూస్తే స్ట్రెయినర్ నిండా చెత్త. శుభ్రం చేయగానే సరిపోయింది. ముందు స్ట్రెయినర్లు చూడండి.

ట్రెండ్‌లాగ్:
గాలిమర గారూ, మీది చల్లదనం చాలని సందర్భం. నాది అక్కర్లేనప్పుడు చల్లదనం వస్తున్న సందర్భం. స్ట్రెయినర్ మూసుకుపోతే కారడం ఇంకా తగ్గుతుంది కదా. డేటాబాట గారూ, మీ పద్ధతి ప్రయత్నించి చెబుతాను.

పాతకాయిల్:
హద్దు జోలికి వెళ్లే ముందు ఒక ప్రశ్న. వాల్వు నిజంగా మూసుకుని ఉంటే ఆ తేడా ఎంత ఉండాలి? సున్నా అనుకుని మీరు నియమం రాశారు. మీ ఫ్యాను కాయిల్ తర్వాత ఉండి, సప్లై సెన్సర్ ఆ ఫ్యాను తర్వాత ఉంటే సున్నా రాదు. ఫ్యాను గాలిని వేడి చేస్తుంది. పీడనం 800 పాస్కల్స్, ఫ్యాను, మోటారు కలిపి సామర్థ్యం 0.6 అనుకుంటే, 800ను 1.2 × 1005 × 0.6తో భాగించండి, దాదాపు 1.1 డిగ్రీలు వస్తుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న యూనిట్ +1 దగ్గర కనిపించాలి. ఫ్యాను వేగం తగ్గితే ఈ వేడీ తగ్గుతుంది.

ఆ లెక్కన మీ −1 హద్దు అసలు స్థితికి 2 డిగ్రీల దూరంలోనే ఉంది. అది మరీ సున్నితమైన హద్దు కాదు. అయినా 300 అలారాలు వచ్చాయంటే కారణం హద్దులో లేదు. రెండు గ్రాఫులు గీసి చూపండి. ఒకటి, వాల్వు మూసుకున్నాక ఎన్ని నిమిషాలకు అలారం వచ్చింది. రెండోది, ఆ సమయంలో బయటి గాలి డ్యాంపర్ ఎంత తెరిచి ఉంది.

ట్రెండ్‌లాగ్:
గీశాను. ఫ్యాను కాయిల్ తర్వాతే ఉంది. అలారాల్లో మూడింట రెండు వంతులు వాల్వు మూసుకున్న 40 నిమిషాల్లోపే వచ్చాయి, అవీ ఎక్కువగా సాయంత్రాలు. మిగిలినవి దాదాపు అన్నీ 3, 9 నంబర్ల యూనిట్లవి. బయట చల్లగా ఉండి డ్యాంపర్ సగం దాకా తెరిచినప్పుడు మాత్రమే వస్తున్నాయి. 7వ నంబరు ఒక్కటే వేరు. వాల్వు మూసినప్పుడల్లా, ఏ గంటలోనైనా −1.6 దగ్గరే ఉంటుంది. ఈ రద్దీలో దాన్ని గమనించనేలేదు.

డేటాబాట గారి పద్ధతితో 7వ యూనిట్‌కు హద్దు −2.1 వచ్చింది. దానితో ఆ యూనిట్ పూర్తిగా మౌనం అయిపోయింది.

పాతకాయిల్:
మీ మూడు గుంపులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి.

సాయంత్రం అలారాలు తడి కాయిల్ వల్ల. పగలంతా కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా పట్టి ఉంటుంది. వాల్వు మూసుకోగానే ఆ నీరు తిరిగి ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. మీ యూనిట్ సెకనుకు 5 ఘనపు మీటర్ల గాలి ఇస్తుందనుకుందాం. 1.5 డిగ్రీల తగ్గుదలకు దాదాపు 9 కిలోవాట్లు కావాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2450 కిలోజౌళ్లు పడుతుంది కాబట్టి, 9 కిలోవాట్ల చొప్పున అది నాలుగున్నర నిమిషాలు నిలుస్తుంది. రెక్కల మధ్య 8 కిలోల నీరు పట్టి ఉంటే 36 నిమిషాలు. నిజానికి మొదట వేగంగా ఆవిరై తర్వాత నెమ్మదిస్తుంది, కానీ మీ 40 నిమిషాలు ఎక్కడివో ఈ లెక్కతో తెలుస్తుంది. సప్లైలో తేమ సెన్సర్ ఉంటే నిర్ధారించుకోవచ్చు. ఉష్ణోగ్రత తగ్గుతూ, కిలో గాలిలో నీరు అర గ్రాముకు మించి పెరిగితే అది ఆవిరి పని. వాల్వు కారితే ఉష్ణోగ్రత తగ్గుతుంది కానీ గాలిలో నీరు పెరగదు. దీనికి మందు హద్దు కాదు, 60 నిమిషాలు వేచి ఉండడం. ఆష్రే గైడ్‌లైన్ 36లో స్థితి మారాక 30 నిమిషాలు ఆగమని ఉంటుంది. తడి కాయిల్‌కు అది చాలకపోవచ్చు.

3, 9 యూనిట్లలో రెండు గాలులు సరిగా కలవడం లేదు. బయట 10, రిటర్న్ 24, డ్యాంపర్ సగం అంటే కలిసిన గాలి 17 ఉండాలి. సెన్సర్ ఒకే చోట, రిటర్న్ గాలి పాయలో ఉంటే 20 చూపిస్తుంది. ఫ్యాను వేడితో కలిపి సప్లై 18. తేడా −2, వాల్వు తప్పేమీ లేదు. పైగా 20 అన్నది 10కీ 24కీ మధ్యలోనే ఉంది కాబట్టి, మిక్స్‌డ్ ఎయిర్ ఆ రెండిటి మధ్య ఉండాలన్న నియమం దీన్ని పట్టదు. సెన్సర్ చల్లటి పాయలో ఉంటే ఇంకా ప్రమాదం. నిజంగా కారుతున్న వాల్వును కూడా కప్పేస్తుంది.

7వది నిజమైన లోపం కావచ్చు. డేటాబాట గారి పద్ధతి తప్పేమీ కాదు, కానీ ఆ నెలంతా యూనిట్ ఆరోగ్యంగా ఉందని తెలిసినప్పుడే అది పనికొస్తుంది. ఎప్పటినుంచో కారుతున్న వాల్వుకు ఆ కారడమే మామూలు స్థితిగా నమోదైంది. ముందు ఆరోగ్య స్థితిని మనమే సృష్టించి కొలవాలి. రాత్రి జనం వెళ్లాక ఫ్యాను నడవనివ్వండి. బయటి డ్యాంపర్ పూర్తిగా మూసేయండి, అప్పుడు కలవాల్సిన గాలే ఉండదు. వాల్వు 0%. గంట ఆగి 30 నిమిషాల సగటు తీయండి. తర్వాత కాయిల్ ముందున్న చేతి వాల్వు కట్టేసి మళ్లీ అదే చేయండి. రెండు సగటుల మధ్య తేడానే కారుడు. ఒక్క జాగ్రత్త, చల్లనీటి పంపు నడుస్తూ ఉండాలి. అది ఆగి ఉంటే ఎంత కారే వాల్వు అయినా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

డేటాబాట:
ఒప్పుకుంటున్నాను. నా యూనిట్లలో కూడా ఇలా ఎన్ని మౌనంగా ఉన్నాయో ఇప్పుడు వెనక్కి వెళ్లి చూడాలి. కానీ ఒక సందేహం. గైడ్‌లైన్‌లోని అంకెలనే నేరుగా వాడితే సరిపోదా?

పాతకాయిల్:
పరీక్ష చేసే వీలు లేనప్పుడు మొదలుపెట్టడానికి అవి మంచివి. మిక్స్‌డ్ సెన్సర్‌కు 3 డిగ్రీలు, సప్లై సెన్సర్‌కు 1 డిగ్రీ పొరపాటు అనుమతిస్తాయి. రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 3.2 వస్తుంది. +1 నుంచి 3.2 దిగితే −2.2. 7వ యూనిట్ −1.6 దగ్గర ఉంది, అంటే దొరకదు. ఆ 3 డిగ్రీలు కూడా ఊరికే పెట్టినవి కావు, సెన్సర్ గురించి మనకు ఏమీ తెలియనప్పుడు ఉండాల్సిన వెసులుబాటు అది. పరీక్ష చేస్తే ఆ వెసులుబాటు అవసరం తగ్గుతుంది.

ట్రెండ్‌లాగ్:
పన్నెండిటికీ నాలుగు రాత్రుల్లో పరీక్ష పూర్తి చేశాం. 7వది చేతి వాల్వు కట్టక ముందు −1.6, కట్టాక +1.0. అంటే 2.6 డిగ్రీలు, 5 ఘనపు మీటర్ల గాలికి దాదాపు 16 కిలోవాట్ల చల్లదనం వృథా. విప్పి చూస్తే యాక్చుయేటర్ పట్టు వదులై, కాడ చివరిదాకా దిగడం లేదు. ఫీడ్‌బ్యాక్ మాత్రం 0% అనే చెబుతోంది, ఎందుకంటే అది కొలిచేది మోటారు స్థానాన్ని, వాల్వు లోపలి స్థానాన్ని కాదు. 3, 9 యూనిట్లలో కట్టక ముందూ తర్వాతా ఒకే అంకె వచ్చింది. మీరు చెప్పినట్టు వాల్వులు బాగానే ఉన్నాయి.

చేతి వాల్వు కట్టినప్పటి విలువను ప్రతి యూనిట్‌కూ d0 అనే ఆధారంగా పెట్టుకున్నాను. 30 నిమిషాల సగటులు ఆ ఆధారం చుట్టూ 0.35 డిగ్రీల ప్రామాణిక విచలనంతో ఊగుతున్నాయి. మూడు రెట్లంటే 1.05, కొంచెం ఎడం కోసం 1.2 తీసుకున్నాను. ఇప్పుడు నియమం ఇలా ఉంది:

```
d     = SAT - MAT
ready = fan_on and chwp_on and oad_cmd == 0
        and valve_cmd == 0 for 60 min
alarm = ready and avg(d, 30 min) < d0 - 1.2
```

పాతకాయిల్:
బాగుంది. నిమిషం విలువల విచలనం కాకుండా 30 నిమిషాల సగటుల విచలనం తీసుకోవడం సరైన పని. పక్కపక్క నిమిషాలు ఒకదాన్ని ఒకటి అనుసరిస్తాయి, వాటిని విడి కొలతలుగా లెక్కిస్తే హద్దు మరీ ఇరుకై మళ్లీ అబద్ధపు అలారాలు వస్తాయి. 1.2 డిగ్రీలంటే మీ గాలికి 7 కిలోవాట్లు. అంతకన్నా చిన్న కారుడు ఈ నియమానికి కనిపించదని రాసి పెట్టుకోండి. ఇంకొకటి, `ready` నెరవేరని వారంలో తెర మీద పచ్చ రంగు చూపించవద్దు, "పరీక్షించలేదు" అని చూపించండి.

రాత్రిషిఫ్ట్:
మాది 24 గంటలూ నడిచే భవనం. బయటి డ్యాంపర్ మూయడానికి అనుమతి లేదు, వాల్వు గంటసేపు 0% దగ్గర ఉండేది ఏడాదిలో కొన్ని వారాలే. మాకు ఈ నియమం ఎప్పుడు పనిచేస్తుంది?

పాతకాయిల్:
బయటి గాలికీ రిటర్న్ గాలికీ తేడా 3, 4 డిగ్రీల లోపు ఉన్న గంటలను ఏరుకోండి. అప్పుడు రెండూ కలవకపోయినా మిక్స్‌డ్ సెన్సర్ చేసే తప్పు చిన్నదే. కానీ ఆ గంటల్లో మీ వాల్వు మూసి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. కాయిల్ ముందు వెడల్పంతా పరుచుకునే సగటు సెన్సర్ పెడితే పరిధి పెరుగుతుంది.

డేటాబాట:
అలాంటి చోట కాయిల్ రిటర్న్ పైపుకు బయటినుంచి ఉష్ణోగ్రత సెన్సర్ కట్టి చూస్తే?

రాత్రిషిఫ్ట్:
ఒక యూనిట్‌కు కట్టి చూశాం. కారుడు లేకపోయినా పక్క పైపు చల్లదనం వల్ల ఎప్పుడూ చల్లగానే చూపించింది. కాయిల్‌కు దగ్గరగా, ఇన్సులేషన్ లోపల ఇంకోసారి కట్టాలనుకుంటున్నాం. వాల్వు మూతపడే వారాలు వచ్చాక అంకెలు ఇక్కడ పెడతాను.